కాలినడక వంతెన లెక్క మైనస్‌లో వచ్చింది. 12 శాతం డిస్కౌంట్ రేటు సరైనదేనా?

గట్టుమీది_సీత

అందరికీ నమస్కారం. నదికి అడ్డంగా, మనుషులు నడవడానికి మాత్రమే ఒక వంతెన కట్టాలనే ప్రతిపాదన మీద మా కమిటీ అభిప్రాయం చెప్పాలి. సలహాదారులు ఇచ్చిన నివేదికలో చివరి అంకె మైనస్ 11 లక్షలు. కమిటీలో సగం మంది అక్కడితో ఫైలు మూసేద్దామంటున్నారు. ఆ అంకె ఎలా వచ్చిందో తెలియకుండా సంతకం పెట్టడం నాకిష్టం లేదు.

నివేదికలో ఉన్నది ఇంత. కట్టడానికి 300 లక్షలు. ఏటా నిర్వహణకు 4 లక్షలు. 20వ ఏట నడిచే పలకలు మార్చడానికి 40 లక్షలు. లెక్క వేసింది 40 ఏళ్లకు. ఇప్పుడు కింద ఉన్న రోడ్డు వంతెన మీదుగా చుట్టూ తిరిగి రోజుకు 900 మంది నడుస్తున్నారు, కొత్త వంతెన వస్తే ఒక్కొక్కరికి 12 నిమిషాలు మిగులుతాయి. ఏడాదికి 300 రోజులు, గంట సమయం విలువ 60. అలా 32.4 లక్షలు. వంతెన వచ్చాక కొత్తగా నడవడం మొదలుపెట్టేవాళ్లు రోజుకు 400 అనుకుని వాళ్లకు ఇంకో 7.2 లక్షలు వేశారు. మొత్తం ఏటా 39.6 లక్షల లాభం, నిర్వహణ పోను 35.6. ఇదంతా 12 శాతంతో డిస్కౌంట్ చేశారు, అంటే రాబోయే ఏళ్ల మొత్తాలను ఏటా ఆ రేటు చొప్పున తగ్గించి నేటి విలువకు తెచ్చారు.

లాభాలు ఇంత కనిపిస్తున్నా మైనస్ ఎందుకు వచ్చింది? ఏ కరెన్సీలో చూసినా తర్కం మారదు కాబట్టి ఉత్త అంకెలే రాశాను.

మెట్లదారి

సీత గారూ, దయచేసి కట్టొద్దు. మా దగ్గర పెద్ద రోడ్డు దాటడానికి పైనుంచి అలాంటి వంతెన కట్టారు. ఒక్కరూ ఎక్కరు. అందరూ కిందనుంచే, వాహనాల మధ్యనుంచే పరుగెత్తుతారు. మెట్లు ఎక్కి దిగేసరికి రెండు నిమిషాలు, కింద దాటితే అర నిమిషం. పెద్దవాళ్లు అసలు ఎక్కలేరు. పెట్టిన డబ్బంతా వృథా.

సివిల్_రఘు

అసలు సమస్య లాభాలు తక్కువ రాయడం. వంతెన వస్తే రెండు గట్ల మీదా ఇళ్ల ధరలు పెరుగుతాయి, దుకాణాల వ్యాపారం పెరుగుతుంది, నిర్మాణంలో ఎంతోమందికి పని దొరుకుతుంది, నడిస్తే ఆరోగ్యం కూడా. ఇవేవీ నివేదికలో లేవు. ఇవి కలిపితే మైనస్ ఎక్కడికి పోతుందో చూడండి. డిజైన్ పనిలో ఉన్నవాడిని కాబట్టి చెబుతున్నాను, మనిషి నడిచే వంతెనకు ఇంతకంటే మంచి పెట్టుబడి ఉండదు.

పాతలెక్క

సీత గారూ, నేను చాలా ఏళ్లు ప్రజాధనంతో చేసే పనుల మదింపులో ఉన్నాను. ముందు మీరడిగిన 12 శాతం సంగతి చూద్దాం, లాభాల జాబితా తర్వాత.

నివేదికలో 12 శాతం ఎక్కడినుంచి వచ్చిందో రాశారా? మీరిచ్చిన అంకెలతో స్ప్రెడ్‌షీట్‌లో వేసి చూశాను:

```
=PV(12%,40,-35.6)        → 293.5
=40/(1+12%)^20           → 4.1
293.5 - 300 - 4.1        → -10.6
```

మైనస్ 11 ఇదే. కూడికల్లో తప్పు లేదు. అడగాల్సింది ఒక్కటే. ఆ 12 శాతంలో ద్రవ్యోల్బణం కలిసి ఉందా, లేదా? లాభాలు చూడండి, 40 ఏళ్లూ ఏటా 35.6 లక్షలే రాశారు. అంటే అన్నీ నేటి ధరల్లో ఉన్నాయి, ధరల పెరుగుదల కలపలేదు.

గట్టుమీది_సీత

అనుబంధంలో ఒక వాక్యం ఉంది. "నిర్మాణానికి తీసుకునే అప్పు వడ్డీ రేటును డిస్కౌంట్ రేటుగా తీసుకున్నాం" అని.

పాతలెక్క

అయితే కారణం దొరికింది. అప్పిచ్చేవాడు వడ్డీ అడిగేటప్పుడు రాబోయే ధరల పెరుగుదలను కూడా అందులో వేసుకునే అడుగుతాడు. ఆ రేటుతో డిస్కౌంట్ చేయాలంటే లాభాలను కూడా ఏటేటా పెరిగిన ధరల్లోనే రాయాలి. వీళ్లు లాభాలను నేటి ధరల్లో ఉంచి, రేటు మాత్రం ధరల పెరుగుదలతో సహా తీసుకున్నారు. ద్రవ్యోల్బణం లాభాలను పెంచలేదు, వాటిని తగ్గించే రేటులో మాత్రం చేరింది.

ధరలు ఏటా 5 శాతం పెరుగుతాయనే అంచనాతో ఆ వడ్డీ ఉందనుకుంటే, అసలు రేటు ఇలా వస్తుంది:

```
=(1+12%)/(1+5%)-1        → 6.67%
=PV(6.67%,40,-35.6)      → సుమారు 494
=40/(1+6.67%)^20         → 11
494 - 300 - 11           → సుమారు +183
```

వంతెన అదే, నడిచేవాళ్లు వాళ్లే. మైనస్ 11 ఉన్నచోట ప్లస్ 183 వచ్చింది.

అలాగని 12 కనిపించినచోటల్లా తప్పని అనుకోవద్దు. ఆసియా అభివృద్ధి బ్యాంకు చాలాకాలం ధరల పెరుగుదల తీసేసిన లెక్కల్లోనే 10 నుంచి 12 శాతం వాడింది, తర్వాత 9కి దించింది. అమెరికా ప్రభుత్వం 1992లో 7 శాతం పెట్టుకుంది, 2003లో 3, 7 రెండింటితోనూ చేసి చూపించమంది. బ్రిటన్ ఖజానా శాఖ 2003 నుంచి మొదటి 30 ఏళ్లకు 3.5 శాతం, ఆ తర్వాత 75వ ఏడు వరకు 3 శాతం వాడుతోంది. ఇవన్నీ ధరల పెరుగుదల తీసేసిన రేట్లే. మీ నివేదికలో రేటు ఎంత ఉందన్నదాని కంటే అది ఎక్కడినుంచి వచ్చింది, లాభాలతో ఒకే భాషలో ఉందా అన్నది చూడాలి.

చిన్నప్రశ్న

నేను ఎకనామిక్స్ మొదటి సంవత్సరం. ఒక సందేహం. ద్రవ్యోల్బణం తీసేశాక కూడా ఎందుకు తగ్గించాలి? ముప్పై ఏళ్ల తర్వాత ఆ వంతెన మీద నడిచే మనిషికి మిగిలే 12 నిమిషాలు, ఇప్పుడు నాకు మిగిలే 12 నిమిషాలతో సమానమే కదా?

పాతలెక్క

మంచి ప్రశ్న. దీని మీద పెద్ద పెద్ద ఆర్థికవేత్తలే ఏకాభిప్రాయానికి రాలేదు.

రెండు వాదనలున్నాయి. ఒకటి, ఆ 300 లక్షలు వంతెనలో పెట్టకపోతే ఇంకెక్కడో పెడతారు, అక్కడ ఏటా ఏదో రాబడి వస్తుంది. వంతెన కనీసం అంత తేవాలి. అమెరికా వాళ్ల 7 శాతం ఇలా వచ్చింది, ప్రైవేటు పెట్టుబడి మీద పన్నులకు ముందు వచ్చే రాబడి అది. రెండోది, రేపటివాళ్లు మనకంటే కాస్త సంపన్నులుగా ఉంటారు కాబట్టి వాళ్ల చేతిలో ఒక రూపాయంత లాభం మన చేతిలో ఉన్నంత బరువు తూగదు. బ్రిటన్ 3.5 ఇలా కట్టారు. తలసరి వినియోగం ఏటా 2 శాతం పెరుగుతుందని, మిగతా ఒకటిన్నర మనుషుల తొందరకు, ఊహించని పెద్ద విపత్తు వచ్చే అవకాశానికి అని.

నువ్వన్న పాయింటు రెండో వాదనలో నిజంగా ఉంది. సంపద పెరిగితే గంట సమయం విలువ కూడా పెరుగుతుంది. కాబట్టి 40 ఏళ్లూ గంటకు 60 అనే ఉంచేసి, మరోవైపు రేపటివాళ్లు సంపన్నులని డిస్కౌంట్ చేయడం పొంతన లేని పని. జాగ్రత్తగా చేసేవాళ్లు గంట విలువను ఆదాయాలతో పాటు పెంచుతారు. సీత గారి నివేదికలో అది చేయలేదు. ఇది వంతెనకు అనుకూలంగా పోయే దిద్దుబాటే.

సివిల్_రఘు

చూశారా, నేను చెప్పింది అదే. లాభాలు తక్కువ చూపించారు. నా జాబితా కూడా కలపండి మరి.

పాతలెక్క

రఘు గారూ, మీ జాబితాలో ఉన్నవి నిజంగా జరిగేవే. కానీ చాలావరకు ఒకే లాభం వేరు వేరు చోట్ల కనిపించడం.

గట్టు మీద ఇల్లు ఎందుకు ఖరీదవుతుంది? అక్కడున్నవాళ్లకు రోజూ నడక తగ్గుతుంది కాబట్టి. ఆ నిమిషాలను మనం ఇప్పటికే లెక్కలో వేశాం. ఇంటి ధర పెరుగుదలను కూడా కలిపితే అదే నిమిషాలను రెండోసారి వేసినట్టు. అయితే ఇంటి ధరలు పనికిరానివి కావు. సమయం లెక్క సరిగా ఉందా అని పరీక్షించడానికి అవి బాగా పనికొస్తాయి. నిమిషాల లెక్క కోట్లు చూపిస్తూ, ఇలాంటి వంతెన వచ్చిన చోట్ల ఇళ్ల ధరలు కదలకపోతే, నిమిషాల లెక్కలో ఏదో ఉబ్బిందని అనుమానించాలి.

దుకాణాల వ్యాపారం ఎక్కువగా ఒకచోటినుంచి ఇంకోచోటికి మారేదే. ఈ గట్టు మీద పెరిగినది ఎక్కడో తగ్గుతుంది. నిర్మాణ కూలీ మన పట్టికలో ఖర్చు వైపు ఉంది. దాన్నే లాభం వైపు కూడా రాస్తే, ఎంత ఎక్కువ మందిని పెట్టి ఎంత నెమ్మదిగా కడితే అంత మంచి వంతెన అని తేలుతుంది. వేరే పనే దొరకనివాళ్లను పనిలో పెట్టుకుంటే మాత్రం ఆ కూలీ ఖర్చును తగ్గించి రాయొచ్చు, దానికి ఆధారం చూపించాలి.

ఇక ఆరోగ్యం. ఇప్పుడు నడుస్తున్న 900 మందికి వంతెన నడకను తగ్గిస్తుంది. ఆరోగ్య లాభం ఏదైనా ఉంటే అది వాహనం మానేసి నడక మొదలుపెట్టే కొత్తవాళ్లకే.

సివిల్_రఘు

నడక తగ్గుతుందన్నది నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటాను. ఇళ్ల ధరల విషయంలో మాత్రం పూర్తిగా ఒప్పుకోను. నదిని చూస్తూ నడవడం, సాయంత్రం వంతెన మీద నిలబడటం, ఇవి నిమిషాల్లో రావు కదా? ఇంటి ధరలో వస్తాయి.

పాతలెక్క

అది న్యాయమైన మాట. నిమిషాలతో సంబంధం లేని ఆ భాగాన్ని విడిగా కొలవగలిగితే తప్పకుండా కలపాలి. విడదీయడమే కష్టం.

గట్టుమీది_సీత

కొత్తవాళ్ల విషయం ఒకటి అడగాలి. 900 మందికి 32.4 లక్షలు అయితే 400 మందికి 14.4 రావాలి. నివేదికలో 7.2 వేశారు. ఇది పొరపాటా?

పాతలెక్క

కాదు, అది సరైనదే. ఇప్పటికే నడుస్తున్న మనిషికి 12 నిమిషాలూ పూర్తిగా మిగులుతాయి. కొత్తగా వచ్చే మనిషి సంగతి వేరు. ఇప్పుడున్న దూరానికి ఆ ప్రయాణం అతనికి గిట్టుబాటు కాదు, అందుకే నడవడం లేదు. దారి 1 నిమిషం తగ్గితే చాలు, వస్తానని ఒకరు అనుకుంటారు. వాళ్లకు 11 నిమిషాల లాభం ఉంది. 11 నిమిషాలు తగ్గితేగానీ రాని మనిషికి 1 నిమిషం లాభమే. అందరినీ కలిపితే సగటున సగం. వంతెన సుంకాల గురించి 1844లోనే ఫ్రెంచి ఇంజనీరు జూల్ డ్యుపుయ్ ఈ దారిలో ఆలోచించాడు. సుంకం ఎంత వసూలైందన్నది వంతెన ప్రయోజనానికి కొలత కాదని, సుంకం వల్ల దాటకుండా ఆగిపోయినవాళ్ల ప్రయోజనం కూడా ఉంటుందని అతను చూపించాడు.

నన్ను ఇబ్బంది పెడుతున్నది ఆ సగం కాదు. 400 అనే అంకె, 12 అనే అంకె. ఈ రెండూ ఎలా వచ్చాయి?

గట్టుమీది_సీత

రోడ్డు వంతెన మీద ఒక రోజు నిలబడి లెక్కపెట్టారట. 12 నిమిషాలు పటం మీద కొలిచారు, కొత్త వంతెన ఈ చివరనుంచి ఆ చివరకు, రెండు దారుల్లోనూ. 400కి ఆధారం రాయలేదు.

పాతలెక్క

ఇలాంటి లెక్కలు ఎక్కువగా చెడేది ఇక్కడే. డిస్కౌంట్ రేటు మీద అందరూ పోట్లాడతారు, జనాన్ని లెక్కపెట్టిన పద్ధతిని ఎవరూ అడగరు.

ముందు ఒక హద్దు చూసుకుందాం. 6.67 శాతం దగ్గర వంతెన సరిగ్గా సున్నాకు రావాలంటే ఏటా సుమారు 26.4 లక్షల లాభం ఉంటే చాలు. ఇప్పుడు 39.6 చూపిస్తున్నారు. అంటే లాభాల్లో మూడో వంతు తగ్గితే ప్లస్ 183 మొత్తం ఆవిరవుతుంది. సగటు ఆదా 12 నుంచి 8 నిమిషాలకు దిగితే చాలు. ఆ 8కి దిగే అవకాశం ఎంతుందో తెలుసుకోవాలి.

పటం మీద చివరనుంచి చివరకు కొలిస్తే గట్టు పక్కనే ఇల్లు, అవతలి గట్టు పక్కనే పని ఉన్న మనిషికి మిగిలే నిమిషాలు వస్తాయి. రోడ్డు వంతెనకు దగ్గర్లో ఉండేవాళ్లకు కొత్తది దగ్గర దారే కాకపోవచ్చు. వాళ్లూ ఆ 900లో ఉన్నారు. ఒక్కొక్కరినీ ఆపి ఎక్కడినుంచి వస్తున్నారు, ఎక్కడికి వెళ్తున్నారు అని అడగాలి. ఒక రోజు చాలదు. వాన పడే కాలం, ఎండ కాలం, సెలవు రోజు, పని రోజు వేరు వేరుగా చూడాలి.

ఇంకొకటి, ర్యాంపు. రఘు గారూ, వంతెన నేలకంటే ఎంత ఎత్తులో ఉంటుంది?

సివిల్_రఘు

పడవలు వెళ్లాలంటే గట్టు మీదనుంచి 5 మీటర్లయినా ఉండొచ్చు. చక్రాల కుర్చీ వెళ్లాలంటే వాలు 12కి 1 కంటే ఎక్కువ పెట్టకూడదు, కాబట్టి ఒక్కో వైపు 60 మీటర్లు, మధ్యలో ఆగే చోట్లు అదనం. స్థలం లేకపోతే ర్యాంపును వెనక్కి మడవాలి. అలా మడిస్తే ఆ దూరమంతా అదనపు నడకే. రెండు వైపులా కలిపి దాదాపు 2 నిమిషాలు. పటంలో ఇది కనిపించదు. నిజం చెప్పాలంటే చాలామంది ఇది మర్చిపోతారు.

మెట్లదారి

నేను మొదట చెప్పింది ఇదే కదండీ! ఎక్కి దిగే సమయం ఎవరూ లెక్కపెట్టరు.

పాతలెక్క

మీ వంతెన వేరే రకం. అక్కడ కింద దాటే దారి ఎదురుగా ఉంది, ఇక్కడ మధ్యలో నది ఉంది, కిందనుంచి దాటలేరు. అయినా మీరన్నదానికి కొలత ఉంది. 1965లో మూర్, ఓల్డర్ అనే ఇద్దరు దీన్ని పరిశీలించారు. పైనుంచి వెళ్లడానికీ కిందనుంచి దాటడానికీ ఒకే సమయం పడితే దాదాపు 95 శాతం మంది పైనుంచి వెళ్తారు. పైదారికి సగం సమయం ఎక్కువ పడితే దాదాపు ఎవరూ ఎక్కరు. మీ దగ్గర రెండు నిమిషాలకు అర నిమిషం. అంటే కట్టకముందే ఒక స్టాప్‌వాచ్‌తో తేల్చగలిగిన విషయం అది.

వసుంధర

ఇంతసేపు అందరూ నిమిషాల గురించే మాట్లాడుతున్నారు. ఆ రోడ్డు వంతెనకు ఫుట్‌పాత్ ఉందా సీత గారూ? లారీల పక్కన పిల్లలు నడుస్తున్నారా? ప్రమాదాలు నివేదికలో ఎందుకు లేవు?

గట్టుమీది_సీత

ఫుట్‌పాత్ లేదు వసుంధర గారూ. పదేళ్ల రికార్డులో నడుస్తూ ఒకరు చనిపోయారు, దెబ్బలు తగిలినవాళ్లు మరికొందరు. నివేదికలో "భద్రతకు విలువ కట్టడం సాధ్యం కాదు" అని రాసి వదిలేశారు.

పాతలెక్క

"సాధ్యం కాదు" అని వదిలేస్తే కూడికలో దాని విలువ సున్నా అయిపోతుంది. ఇది వదలకూడదు.

ఇక్కడ ఫలానా మనిషి ప్రాణానికి ధర కట్టడం లేదు. చిన్న ముప్పును తగ్గించుకోవడానికి జనం ఎంత వదులుకుంటారో చూస్తారు. ఉదాహరణకు 10,000 మందికి ఏడాదిలో చనిపోయే ముప్పు పదివేలలో ఒకటి చొప్పున తగ్గుతుంది. అంటే ఆ గుంపులో ఒక మరణం తప్పుతుంది, ఎవరిదో ముందు తెలియదు. దీనికి ఒక్కొక్కరు 800 ఇవ్వడానికి సిద్ధమైతే, అందరూ కలిసి ఒక మరణం తప్పించడానికి 80 లక్షలు ఇస్తున్నట్టు. ప్రమాదం ఎక్కువ ఉన్న పనులకు ఎంత ఎక్కువ జీతం అడుగుతున్నారో చూసి కూడా ఇలాంటి అంకె తీస్తారు.

ఇప్పుడు పదేళ్లలో ఒక మరణం. ఏడాదికి 0.1 అనేయాలనిపిస్తుంది. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. వంతెన కావాలనే డిమాండ్ చాలాసార్లు ప్రమాదం జరిగాకే మొదలవుతుంది. చెడ్డ కాలం చూసి ఎంచుకున్న చోట తర్వాతి ఏళ్లలో ఏమీ కట్టకపోయినా ప్రమాదాలు తగ్గినట్టు కనిపిస్తాయి. అందుకే అలాంటి వెడల్పు, అలాంటి రద్దీ ఉన్న ఇతర వంతెనల సగటుతో కలిపి చూడాలి. అలా చూస్తే 0.06 అని వచ్చిందనుకుందాం. నడిచేవాళ్లలో ఆరింట ఐదుగురు కొత్త వంతెనకు మారితే ఏటా 0.05 మరణం తప్పుతుంది. 80 లక్షలతో గుణిస్తే ఏటా 4 లక్షలు. దెబ్బలు తగిలే ప్రమాదాలు దీనికి అదనం.

వసుంధర

లెక్క అర్థమైంది. నా అభ్యంతరం మాత్రం పోలేదు. చేతిలో డబ్బు లేనివాడు 800 ఇవ్వనంటాడు. అంటే పేదవాళ్లు నడిచే దారిలో ప్రాణం చౌక అవుతుంది. అదే పద్ధతిలో సంపన్నుల వీధిలో కట్టే వంతెన ముందు గెలుస్తుంది.

పాతలెక్క

నిజమే. అందుకే చాలా ప్రభుత్వాలు ఒక దేశం మొత్తానికి ఒకే అంకె వాడతాయి, వీధిని బట్టి మార్చవు. గంట సమయం విలువకూ అలాగే ఒకే అంకె పెట్టడం ఉంది. దాంతో మీ అభ్యంతరం సగమే తీరుతుంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు వచ్చే లాభానికి ఎక్కువ బరువు ఇవ్వాలని ఒక వర్గం అంటుంది. బరువు వేసే పని పన్నులకు వదిలి లెక్కను లెక్కగా ఉంచాలని ఇంకో వర్గం. నేను మొదటివైపు ఉంటాను, కానీ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూపించాలంటాను. బరువు వేసిన లెక్క ఒక్కటే చూపిస్తే కమిటీకి ఏది ఎంత కదిపిందో తెలియదు.

సివిల్_రఘు

ఇలా ఒక్కొక్కటీ గుచ్చి గుచ్చి చూడటం కంటే జనాన్నే అడిగేస్తే పోదా? "ఈ వంతెనకు మీరు ఎంత ఇస్తారు?" అని. నదీ దృశ్యం, భద్రత, సమయం అన్నీ ఒకే అంకెలో వచ్చేస్తాయి.

పాతలెక్క

అడగొచ్చు. కానీ ఎలా అడిగారన్నదాని మీదే జవాబు ఆధారపడుతుంది. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్దెజ్ చమురు ఓడ ప్రమాదం తర్వాత ఈ పద్ధతి మీద పెద్ద వివాదం నడిచింది. 1993లో ఆర్థికవేత్తలు కెనెత్ యారో, రాబర్ట్ సోలో అధ్యక్షతన ఉన్న నిపుణుల బృందం, జాగ్రత్తగా చేస్తే దీన్ని వాడొచ్చని చెప్పి నిబంధనలు పెట్టింది. "ఎంత ఇస్తారు" అని కాకుండా, "ఏటా ఇంత పన్ను వేస్తే వంతెన కడతారు, ఓటు వేస్తారా, లేదా" అని అడగమంది. ఆ డబ్బు వేరే అవసరాలకు ఉండదని గుర్తు చేయమంది.

ఎందుకంత జాగ్రత్త అంటే, ఆ రోజుల్లోనే ఒక సర్వే జరిగింది. చమురు గుంటల్లో పడి చనిపోయే వలస పక్షులను కాపాడటానికి ఎంత ఇస్తారని అడిగారు. ఒక గుంపుకు 2,000 పక్షులని చెప్పారు, ఇంకో గుంపుకు 20,000, మూడో గుంపుకు 2,00,000. జవాబులు సగటున 80, 78, 88 డాలర్లు. పక్షులు వంద రెట్లయినా డబ్బు దాదాపు కదల్లేదు. జనం పక్షులకు కాదు, మంచి పని అనే భావనకు డబ్బు చెబుతున్నారు. మీరు సర్వే చేస్తే సగం మందికి 12 నిమిషాలు ఆదా అని, మిగతా సగం మందికి 4 నిమిషాలు అని చెప్పండి. రెండు గుంపులూ ఒకే మొత్తం చెబితే ఆ సర్వేను పక్కన పెట్టండి. ఇంకొక మాట, సర్వే అంకె వాడితే నిమిషాల అంకె వాడకూడదు. రెండిట్లో ఒకటే.

గట్టుమీది_సీత

కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తున్నాను. కమిటీని ఒప్పించి వేరు వేరు రోజుల్లో మనుషుల్ని పెట్టి అడిగించాం. సగటున రోజుకు 900 అన్నది దాదాపు సరైనదే. కానీ అందులో 540 మందికే ర్యాంపు పోను 12 నిమిషాలు మిగులుతాయి. 210 మందికి 5 నిమిషాలు. 150 మందికి ఏమీ మిగలదు. సగటు 8.4 నిమిషాలకు కొంచెం తక్కువ. కొత్తవాళ్లు 400 అన్నదానికి ఆధారమే లేదు. ఇలాంటి వంతెన వచ్చిన ఇంకోచోట పెరిగిన తీరు చూసి 200 అనుకున్నాం, సగటు ఆదా 10 నిమిషాలు.

ఏటా 22.6 లక్షలు, కొత్తవాళ్లకు 3 లక్షలు. మొత్తం 25.6. మీరు చెప్పిన 26.4 కంటే కొంచెం తక్కువ. 6.67 శాతం దగ్గర సుమారు 12 లక్షల లోటు వస్తోంది. భద్రత 4 లక్షలు కలిపితే మాత్రం ప్లస్ 44. ఇది కమిటీకి చెప్పొచ్చా?

చిన్నప్రశ్న

అంటే వంతెన నిలబడేది భద్రత మీదేనా?

సివిల్_రఘు

ఒక్క నిమిషం. నేను ఆ రోడ్డు వంతెన ఫొటోలు చూశాను. గర్డర్లకు పక్కనుంచి బ్రాకెట్లు వేసి ఫుట్‌పాత్ కట్టగలిగేలా ఉంది. పాత వంతెన బలం పరీక్షించాలి, అది పాసైతే 40 లక్షల లోపే అవుతుంది. భద్రత అంతా దాంతోనే వస్తుంది.

పాతలెక్క

రఘు గారూ, ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే విలువైన మాట ఇది. వంతెనను "ఏమీ చేయకపోవడం"తో పోల్చినంతసేపు ఆ 4 లక్షలు వంతెన ఖాతాలో పడతాయి. 40 లక్షల ఫుట్‌పాత్‌తో అదే భద్రత వస్తే, భద్రత పేరు చెప్పి 300 లక్షలు అడగలేం. ఏటా 4 లక్షల చొప్పున 40 ఏళ్లకు సుమారు 55 లక్షలు. అంటే ఫుట్‌పాత్ తనంతట తాను దాదాపు 15 లక్షలు మిగులుస్తుంది. వంతెన తన నిమిషాలతోనే నిలబడాలి, అక్కడ 12 లక్షల లోటు ఉంది.

సీత గారూ, ఫుట్‌పాత్‌ను మూడో వరుసగా పెట్టకుండా కమిటీకి ప్లస్ 44 అని చెప్పొద్దు.

వసుంధర

అయితే చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లు, కర్ర పట్టుకుని నడిచేవాళ్లు ఇప్పుడు అసలు దాటడమే లేదు కదా? రోడ్డు వంతెన దగ్గర ఎంతసేపు నిలబడి లెక్కపెట్టినా వాళ్లు కనిపించరు. వాళ్లకు "సగం లాభం" అనే సూత్రం ఎలా సరిపోతుంది?

పాతలెక్క

సరిపోదు. నిమిషాలు కొద్దిగా మారినప్పుడు కొద్దిమంది కొత్తగా వచ్చే సందర్భానికే సగం సూత్రం పనిచేస్తుంది. ఇప్పుడు దారే లేని మనిషికి అది చాలా తక్కువ చూపిస్తుంది. వాళ్ల ఇళ్లకు వెళ్లి అడగాలి. ఇప్పుడు ఏం మానుకుంటున్నారు, అవతలికి వెళ్లాల్సి వస్తే వాహనానికి ఎంత ఖర్చు పెడుతున్నారు అని. ఆ ఖర్చు కనీసపు హద్దు అవుతుంది. దూర ప్రయాణం చేసి పార్కుకు వచ్చేవాళ్ల ఖర్చును చూసి పార్కు విలువ అంచనా వేయొచ్చని 1947లో ఆర్థికవేత్త హోటెలింగ్ సూచించాడు. ఇది కూడా ఆ కోవలోదే.

ఇంకొకటి తేలాలి. గంటకు 60 అన్నది ఎవరి సమయం నుంచి తీశారు సీత గారూ? బస్సులో కూర్చున్నవాళ్ల సమయం అయితే, నడిచే సమయానికి దాదాపు రెట్టింపు విలువ వేసే అలవాటు చాలా చోట్ల ఉంది. ఎండలో, వానలో, లారీల పక్కన నడిచే నిమిషం సీట్లో కూర్చున్న నిమిషం కంటే భారం కాబట్టి. రెట్టింపు చేస్తే లోటు పోయి 300 లక్షలకు పైగా మిగులు చూపిస్తుంది.

సివిల్_రఘు

అంటే ఒక్క అంకె మార్చి ఏ జవాబు కావాలంటే ఆ జవాబు తెప్పించొచ్చన్నమాట. మరి ఇన్ని లెక్కలు ఎందుకు?

పాతలెక్క

ఏ అంకె మారిస్తే జవాబు తిరగబడుతుందో తెలిసింది కదా. మొదట్లో అందరూ 12 శాతం గురించి అనుకున్నారు. రేటు కూడా ముఖ్యమే, 7 పెడితే లోటు, 3.5 పెడితే మిగులు వస్తుంది, కానీ జవాబును అంతకంటే ఎక్కువ కదిపేది నడక నిమిషం ఎంత భారమన్నదే, ముందు అది తేల్చాలి. రెట్టింపు అన్నది ఇతర చోట్ల వచ్చిన సగటు, మీ దారికి అతుకుతుందో లేదో నేను చెప్పలేను. నది పక్కన నడక కొందరికి ఇష్టమైన పని కూడా కావొచ్చు.

గట్టుమీది_సీత

60 ఎక్కడినుంచి వచ్చిందో సలహాదారులకు రాశాను. బస్సు ప్రయాణికుల సర్వే నుంచి తీశామని జవాబు వచ్చింది. ఇంకో ప్రశ్న కూడా అడిగాను, బస్సు చార్జీ కట్టి రెండు గట్ల మధ్య వెళ్తున్నవాళ్లు ఎంతమంది, నడిచి వెళ్తున్నవాళ్లు ఎంతమంది, ఇద్దరికీ పట్టే సమయం ఎంత అని. ఆ చార్జీ, ఆ నిమిషాలు చేతికొస్తే ఇక్కడివాళ్లు నడక నిమిషానికి ఎంత బరువు ఇస్తున్నారో తీయొచ్చు కదా? ఫుట్‌పాత్ కోసం పాత వంతెన బలం పరీక్షించడానికి కమిటీ ఒప్పుకుంది. రఘు గారూ, ఆ పరీక్షలో ఏమేమి అడగాలో ఒక చిన్న జాబితా ఇవ్వగలరా?

సివిల్_రఘు

ఇస్తాను సీత గారూ. గర్డర్ల వయసు, కడ్డీల తుప్పు, బేరింగుల పరిస్థితి, పక్కకు వేలాడే బరువు వల్ల గర్డర్ మీద పడే మెలి. పాత డ్రాయింగులు దొరికితే సగం పని అయిపోయినట్టే, ముందు అవి వెతికించండి.